ఖాళీగా ఉన్న గడి

మా పెద్దమ్మ తన పెన్షన్ గురించి ఒక ఉత్తరం రాసింది. పంపేలోపు దాన్ని మూడుసార్లు రాసింది. ఆ మూడు ప్రతులూ నా దగ్గరున్నాయి. మొదటిది గీతల పొడుగు నోటుబుక్కులోంచి చింపిన నాలుగు కాగితాలు, రెండువైపులా నీలి సిరా. రెండోది కంప్యూటర్ సెంటర్లో టైపు చేయించిన మూడు పేజీలు. మూడోది ఒకే పేజీ, మళ్లీ ఆమె చేతిరాతే.

ఇరవై రెండేళ్లు నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో పెన్షన్ ఫైళ్లు చూసే సీట్లో కూర్చున్నాను. "ఈ పెద్దవాళ్లు ఏది కావాలో చెప్పరు, రామాయణమంతా రాస్తారు, అందుకే ఆలస్యం" అన్న మాట ఆ గదుల్లో రోజూ వినపడేది. నేనూ అన్నాను. పెద్దమ్మ ఉత్తరం మూడు రూపాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక ఆ మాట పొరపాటని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆమెకు భాష రాక కాదు మూడుసార్లు రాసింది. తనకు రావలసిన డబ్బు ఎక్కడ ఆగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అది తెలిసేదాకా ఏం రాసినా తప్పు ఉత్తరమే అవుతుంది.

విషయం ఇది. పెదనాన్న కేంద్ర ప్రభుత్వ శాఖలో నాలుగో తరగతి ఉద్యోగి. 1996లో రిటైరయ్యారు, 2011లో పోయారు. అప్పటినుంచి పెద్దమ్మకు కుటుంబ పెన్షన్ వస్తోంది. మూల పెన్షన్ నెలకు 9,000 రూపాయలు. ఏడో వేతన సంఘం తర్వాత, 2016 జనవరి నుంచి, కేంద్రంలో ఎవరికైనా ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని పెట్టిన కనీస మొత్తం అది. దానిమీద ఆరు నెలలకోసారి పెరిగే కరువు భత్యం, అంటే డీఆర్, కలుస్తుంది.

వయసు ఎనభైకి చేరితే ఆ మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా ఇవ్వాలి. ఎనభై ఐదుకు 30, తొంభైకి 40, తొంభై ఐదుకు 50, నూరేళ్లకు మరో నూరు శాతం. ఆరో వేతన సంఘం సిఫార్సు మీద 2008 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వులు ఇవి. ఉద్యోగి పెన్షన్‌కే కాదు, భార్యకు వచ్చే కుటుంబ పెన్షన్‌కూ వర్తిస్తాయి. ఎనభై ఏ తేదీన నిండినా ఆ నెల ఒకటో తారీకు నుంచే లెక్క. ముసలితనంలో మందుల ఖర్చు పెరుగుతుందన్న ఇంగితంతో పెట్టిన ఏర్పాటు కనుక దీనికి దరఖాస్తు కూడా అక్కర్లేదు. పెన్షన్ ఆదేశంలో ఉన్న పుట్టిన తేదీని బట్టి బ్యాంకు కంప్యూటరే ఆ నెలలో కలిపేయాలి.

పెద్దమ్మకు కలపలేదు. ఆ సంగతి ఆమెకు తెలిసింది 2024 నవంబరులో, అదీ వీధి చివర ఉండే మరో పెన్షనరమ్మ చెబితే. "నీకెంత పడుతోంది వదినా?" అని ఆమె అడిగింది, పెద్దమ్మ చెప్పింది. ఇద్దరి భర్తలదీ ఒకే హోదా. అంకెలు కలవలేదు. మర్నాడే బ్యాంకుకు వెళ్లి అడిగితే కౌంటరులో అబ్బాయి మర్యాదగానే చెప్పాడట: "అది పైనుంచి రావాలమ్మా." పైనుంచి అంటే ఎక్కడినుంచి అని ఆమె అడగలేదు. అతనికీ తెలుసో లేదో.

ఆ రాత్రి రాసింది మొదటి ఉత్తరం.

"గౌరవనీయులైన మేనేజరు గారికి" అని మొదలవుతుంది. తర్వాత పెదనాన్న ఉద్యోగంలో చేరిన నాటి సంగతి, రెండు బదిలీలు, ఆయన ఆఖరి జబ్బు, తన మోకాళ్ల నొప్పులు, పెద్దకొడుకు వేరే ఊళ్లో ఉండటం. ఏదీ అబద్ధం కాదు, ఏదీ అతిగా రాసింది కాదు. మూడో పేజీలో ఒక చోట మాత్రం అక్షరాలు పెద్దవయ్యాయి, కలం కాగితంలోకి దిగింది. ఆ పేరా ఇది: "2022 అక్టోబరులో నేను మీ బ్యాంకుకు వచ్చినప్పుడు మీ అమ్మాయి నా ఆధార్ కార్డు చూసి, మామ్మగారూ మీకు ఎనభై దాటాయి కదా, మీరు నవంబరు దాకా ఆగనక్కర్లేదు అని లైఫ్ సర్టిఫికెట్ అప్పుడే తీసుకున్నది. దానికి ఎనభై నిండిన మనిషికి పెన్షనుకు ఎందుకు నిండలేదు?"

ఎనభై దాటినవారు జీవన ప్రమాణ పత్రాన్ని నవంబరు బదులు అక్టోబరు ఒకటి నుంచే ఇచ్చుకోవచ్చన్న సౌకర్యం 2019లో వచ్చింది. ఆ వెసులుబాటును ఆమె ఎదురు ప్రశ్నగా మార్చింది. చదివి నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. అది ఎంత ప్రమాదకరమైన వాక్యమో నాకు వారం తర్వాత గాని తెలియలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఉత్తరం చివరి పంక్తి: "కావున దయతో న్యాయం చేయగలరు." ఏ న్యాయం? ఏ నెల నుంచి? నాలుగు కాగితాల్లో ఎక్కడా అదనపు పెన్షన్ అన్న మాట లేదు. పెన్షన్ ఆదేశం నంబరు, అంటే పీపీవో నంబరు, లేదు. పెదనాన్న పేరు రెండో పేజీ చివర ఉంది.

ఇలాంటి ఉత్తరం ఆఫీసుకు చేరితే ఏమవుతుందో నేను వందల సార్లు చూశాను. తపాలు సెక్షన్లో ముద్ర వేసి, ఇన్‌వర్డ్ నంబరు ఇచ్చి, ఏ సీటుకు పంపాలో చూడటానికి పై నాలుగు పంక్తులు చదువుతారు. అక్కడ పీపీవో నంబరు ఉంటే నేరుగా ఆ నంబర్లు చూసే గుమాస్తాకు వెళుతుంది. లేకపోతే పేరును బట్టి వెతకాలి. ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో నలుగురుంటారు. వెతికే తీరిక ఉన్నవాళ్లు వెతుకుతారు, లేనివాళ్లు "వివరాలు పంపగలరు" అని అచ్చు కాగితం ఒకటి పంపి చేతులు దులుపుకుంటారు. అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. సీటు మీద ఫైళ్లు అలా ఉంటాయి.

పెద్దమ్మ ఆ ఉత్తరాన్ని పోస్టు చేయకుండా ఆపింది పెన్షనర్ల సంఘంలో తిరిగే ఒక పెద్దాయన. "ఇలా రాస్తే ఎవరూ పట్టించుకోరండీ, గట్టిగా రాయాలి" అన్నాడు. రెండో ఉత్తరం ఆయన చెప్పగా టైపు చేయించినది. "తమరి దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" అని ఎత్తుకుని, ఫోనులో ఎవరో పంపిన నాలుగైదు ఉత్తర్వుల నంబర్లు గుచ్చి, 2022 జనవరి నుంచి బకాయిలు, వాటిపై 18 శాతం వడ్డీ, ఇవ్వకపోతే కోర్టు. కింద ఏడుగురికి ప్రతులు: ఢిల్లీలో ఇద్దరికి, హైదరాబాదులో ఒకరికి, బ్యాంకులో నలుగురికి.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఎంతోమందికి కాళ్లరిగేలా తిరిగి సాయం చేసిన మనిషి. కానీ ఏడుగురికి పంపిన ఉత్తరం ఒక్కరి పనీ కాకుండా పోతుంది. ప్రతి ఒక్కరూ మిగతా ఆరుగురి పేర్లు చూసి, ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటారు. పైగా ఆ మూడు పేజీలూ ఒకే సంగతిని రుజువు చేస్తున్నాయి: ఎనభై నిండితే 20 శాతం రావాలని. దాన్ని కాదన్నవాళ్లు ఎవరు? బ్యాంకు కాదనలేదు, ఆఫీసు కాదనలేదు. ఎవరూ అడగని ప్రశ్నకు అంత గట్టి జవాబు ఇచ్చి ఏం లాభం? అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. అందరికీ తనంతట తాను కలిసే డబ్బు ఈ ఒక్క మనిషికి ఎందుకు కలవలేదు?

సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దమ్మ రెండు ఉత్తరాలూ నా ముందు పెట్టింది. "నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదమ్మా, ఏది పంపమంటావు?" అంది.

"పీపీవో ఏది పెద్దమ్మా?" అన్నాను.

ఇనుప బీరువా పై అరలోంచి బిస్కెట్ల రేకు డబ్బా దించింది. అందులో ప్లాస్టిక్ కవరు, కవరులో పెదనాన్న మరణ ధ్రువపత్రం, అడుగున ఆ చిన్న పుస్తకం. పెన్షన్ చెల్లింపు ఆదేశం, పెన్షనరు దగ్గర ఉండవలసిన ప్రతి. మడతల దగ్గర సెల్లోటేపు పసుపెక్కింది. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో మీద సగం గుండ్రని ముద్ర. పెద్దమ్మ ఆ ఫోటో మీద దుమ్ము లేకపోయినా కొంగుతో ఒకసారి తుడిచింది. పన్నెండంకెల పీపీవో నంబరు నేను చీటీ మీద రాసుకున్నాను. లోపలి పేజీలో కుటుంబ పెన్షన్ వివరాలు. పేరు: రాసి ఉంది. సంబంధం: భార్య. పుట్టిన తేదీ: ఒక చిన్న అడ్డగీత.

అంతే. నాలుగు కాగితాలు, మూడు పేజీలు, ఏడుగురికి ప్రతులు, వీటన్నిటికీ కారణం ఆ అడ్డగీత. 1996లో ఆ పుస్తకం తయారుచేసిన వారికి భార్య పుట్టిన తేదీతో పని లేదు. వయసును బట్టి అదనపు పెన్షన్ అన్నది మరో పన్నెండేళ్లకు గాని రాలేదు. కాబట్టి అప్పుడు గీత గీయడం తప్పు కాదు. తప్పు తర్వాత జరిగింది. 2011లో పెదనాన్న పోయి కుటుంబ పెన్షన్ మొదలుపెట్టినప్పుడు ఆ గడి నింపవలసింది. అప్పటికి ఉత్తర్వులు వచ్చి మూడేళ్లయింది. ఆ రోజు తన పుట్టిన తేదీ ఎవరైనా అడిగినట్టు పెద్దమ్మకు గుర్తు లేదు. భర్త పోయిన మూడో వారంలో బ్యాంకులో సంతకాలు పెట్టిన మనిషి, ఏ కాగితంలో ఏ గడి ఖాళీగా ఉందో చూసుకుంటుందా? చూడవలసింది బల్లకు అటువైపు ఉన్నవాళ్లు.

ఇక్కడ నా వాదన కొంచెం గట్టిగానే చెబుతాను. తేదీ ఉన్న మనిషికి కంప్యూటరు డబ్బు కలుపుతుంది. తేదీ లేని మనిషికి అది ఏమీ చేయదు. తిరస్కరించదు, ఉత్తరం రాయదు, జాబితాలో చూపించదు. ఆ మనిషికి ఎనభై, ఎనభై ఐదు, తొంభై నిండుతూనే ఉంటాయి, నెలనెలా పాత మొత్తమే పడుతూ ఉంటుంది. పాసుబుక్కులో తేడా కనపడదు, ఎందుకంటే ఏదీ తగ్గలేదు. రావలసింది రాలేదంతే. రాని డబ్బును పోల్చుకోవాలంటే పక్కింటావిడ పాసుబుక్కు చూడాలి. నిజానికి ఖాళీ గడులున్న పెన్షన్ల జాబితా తీయడం బ్యాంకుకు ఒక పూట పని. ఆ జాబితాలోని ప్రతి ఇంటికీ "మీ పుట్టిన తేదీ రుజువు పంపండి" అని ఒక కార్డు వెళ్లాలి. ఉత్తరం మొదట అటువైపునుంచి రావాలి.

సరే, అటునుంచి రాలేదు కాబట్టి ఇటునుంచే వెళ్లాలి. ఎవరికి? గడి ఖాళీగా ఉంటే బ్యాంకు తనంతట తాను నింపకూడదు. పెన్షన్ ఆదేశం బ్యాంకుది కాదు. పెదనాన్న ఆఖరున పనిచేసిన కార్యాలయం తేదీని ధ్రువీకరించి తమ శాఖ లెక్కల కార్యాలయానికి పంపాలి. వారు సవరించిన ఆదేశం తయారుచేస్తే, అది ఢిల్లీలోని కేంద్ర పెన్షన్ లెక్కల కార్యాలయం మీదుగా బ్యాంకు పెన్షన్ కేంద్రానికి చేరుతుంది. అప్పుడు కంప్యూటరులో తేదీ పడుతుంది. "పైనుంచి రావాలి" అన్న అబ్బాయి మాట నిజమే. కానీ ఆ పై మెట్టు పెద్దమ్మ ఇంటికి ఏడు కిలోమీటర్ల దూరంలో, పెదనాన్న రోజూ సైకిలు మీద వెళ్లివచ్చిన కార్యాలయమే.

ఇక మిగిలింది తేదీ. ఇక్కడే మేమిద్దరం ఒక సాయంత్రమంతా కూర్చున్నాం.

ఆధార్‌లో పెద్దమ్మ పుట్టిన తేదీ 01-01-1942. మన ఇళ్లలో పెద్దవాళ్ల ఆధార్లు తీసి చూడండి, జనవరి ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమంది ఉంటారో. తేదీ కాగితం చూపించలేని వారికి చెప్పిన వయసును బట్టి సంవత్సరం వేశారు, దానికి జనవరి ఒకటి తగిలింది. 2011లో శిబిరంలో అడిగితే "డెబ్బైకి దగ్గర" అందట పెద్దమ్మ. పెదనాన్న పోయిన ఏడాది అది. ఆ రోజుల్లో ఆమెను ఏ వయసని అడిగినా డెబ్బై అనే చెప్పేది.

కానీ అదే రేకు డబ్బాలో, పుస్తకం కిందే, ఆమె ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఉంది. ఊళ్లో ఆడపిల్లలు ఆ చదువు దాకా వెళ్లడమే అరుదైన రోజుల్లో ఆమె పరీక్ష రాసి గట్టెక్కింది. అందులో హెడ్మాస్టరు దస్తూరీతో పుట్టిన తేదీ ఉంది: 14-06-1943. వయసు రుజువుగా ఒప్పుకునే కాగితాల్లో మెట్రిక్యులేషన్ ధ్రువపత్రం ఎప్పటినుంచో ఉంది. ఆ పుస్తకం అదే కోవలోది. పాన్ కార్డు, పాస్‌పోర్టు కూడా చెల్లుతాయి గాని అవి ఆమెకు లేవు.

రెండు తేదీల మధ్య పదిహేడు నెలలకు పైనే తేడా. ఆధార్ ప్రకారం అదనపు పెన్షన్ 2022 జనవరి నుంచి రావాలి, స్కూలు పుస్తకం ప్రకారం 2023 జూన్ నుంచి. నేను కాగితం తీసుకుని లెక్క కట్టాను. మూల పెన్షన్ 9,000లో ఇరవై శాతం 1,800. దానిమీద డీఆర్ కలుస్తుంది. 2023 జూన్‌లో డీఆర్ 42 శాతం, కాబట్టి ఆ ఒక్క నెలకు 2,556 రూపాయలు. జూలై నుంచి డిసెంబరు దాకా 46 శాతం, నెలకు 2,628. 2024 మొదటి ఆరు నెలలు 50 శాతం, నెలకు 2,700. తర్వాతి ఆరు నెలలు 53 శాతం, నెలకు 2,754. మొత్తం పంతొమ్మిది నెలలకు 51,048 రూపాయలు. ఆధార్ తేదీ పట్టుకుంటే దీనికి మరో 42,156 కలుస్తుంది.

ఆ రెండో అంకె నేను పైకి చదివాను. నెలకు పద్నాలుగు వేలు కూడా రాని ఇంట్లో నలభై రెండు వేలు చిన్న మాట కాదు. ఆధార్ ప్రభుత్వం ఇచ్చిందే కదా అని ఎవరైనా అనవచ్చు, ఆ పెద్దాయన అన్నాడు కూడా. పెద్దమ్మ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం తెరిచి ఆ దస్తూరీ మీద వేలు పెట్టింది.

"నేను పుట్టింది ఇదమ్మా. మా అమ్మ చెప్పేది, ఏరువాక రోజుల్లో పుట్టావని. జనవరిలో ఏరువాక ఎక్కడుంది?"

మరి మొదటి ఉత్తరంలో ఆ గొప్ప పేరా? అప్పుడు వెలిగింది నాకు. 2022 అక్టోబరులో బ్యాంకు అమ్మాయి ఎనభై దాటాయన్న నాటికి పెద్దమ్మకు నిజంగా డెబ్బై తొమ్మిదే. ఆ పేరా ఉత్తరంలో ఉంటే, ఒకే కాగితంలో ఆమె తన వయసును రెండు రకాలుగా చెప్పినట్టయ్యేది. ఫైలు చూసే గుమాస్తా మొదట రాసే నోటు అదే: "పుట్టిన తేదీలో వ్యత్యాసం ఉన్నది, వివరణ కోరవచ్చు." ఆ వివరణ కోరడం, ఇవ్వడం, మళ్లీ కదలడం, ఆరు నెలలు. ఉత్తరం మొత్తంలో బాగా రాసిన వాక్యమే దాన్ని ముంచేది. పెద్దమ్మకు నేను చెప్పేలోపే తనే చూసింది. "ఇది తీసెయ్యాలి" అని ఆ పేరా మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఆ గీత గీయడానికి ఆమెకు కష్టమైంది. ఆ కోపం నిజమైనది.

అయితే ఆధార్ తేడాను దాచకూడదు. లైఫ్ సర్టిఫికెట్ ఆధార్‌తోనే ఇస్తున్నాం, ఎవరో ఒకరు చూస్తారు. మనం ముందే ఒక్క వాక్యంలో చెబితే అది వివరణ అవుతుంది, వాళ్లు కనిపెడితే అనుమానం అవుతుంది.

బకాయి మొత్తం రాయాలా వద్దా అన్న దగ్గర మేం తర్జనభర్జన పడ్డాం. రాయవద్దన్నాను. అంకె రాస్తే ముందు ఆ అంకె సరైనదా కాదా అని చూస్తారు, ఒక రూపాయి తేడా వచ్చినా ఉత్తరం వెనక్కి వస్తుంది. తేదీ రాస్తే చాలు. "1-6-2023 నుంచి" అన్న మాటలో మొత్తం లెక్క ఉంది. మన పట్టిక మన దగ్గర ఉండాలి, డబ్బు వచ్చాక సరిచూసుకోవడానికి.

ఏ భాషలో రాయాలన్నది ఆమె అడిగిన చివరి ప్రశ్న. కేంద్ర కార్యాలయం కదా, ఇంగ్లీషులో ఉండాలేమో అని బెంగ. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడే ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చు. అది మన హక్కు. తెలుగులోనే రాయమన్నాను. ఎందుకంటే తను రాసిన ప్రతి మాటకూ అర్థం తనకు తెలియాలి, రేపు ఎవరైనా ఫోను చేసి అడిగితే తడుముకోకుండా చెప్పాలి. కాకపోతే ఈ ఫైలు పైమెట్లు ఎక్కినకొద్దీ తెలుగు చదవలేని వారి చేతుల్లో పడుతుంది. అందుకని నేను ఇంగ్లీషు అనువాదం ఒక పేజీ వెనక జతచేశాను. అడ్డంకి రాకుండా చేసిన పని అది, హక్కు వదులుకోవడం కాదు.

మూడో ఉత్తరం ఇలా వచ్చింది. చిరునామా, పేర్లు, నంబర్లు తీసి మిగతాది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"విషయం: కుటుంబ పెన్షన్ ఆదేశంలో నా పుట్టిన తేదీ నమోదు చేయవలసిందిగా మనవి.

పీపీవో నంబరు, నా భర్త పేరు, హోదా, రిటైరైన తేదీ, మరణించిన తేదీ, పెన్షన్ వచ్చే బ్యాంకు ఖాతా: పైన పట్టికలో రాశాను.

అయ్యా, నేను పై పీపీవో మీద 2011 నుంచి కుటుంబ పెన్షన్ పొందుతున్నాను. ఆ ఆదేశంలో నా పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. నా పుట్టిన తేదీ 14-6-1943. రుజువుగా నా ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం నకలు జతచేశాను. నా ఆధార్ కార్డులో 1-1-1942 అని ఉన్నది సుమారు వయసును బట్టి వేసినది, సరైనది కాదు.

నాకు 2023 జూన్‌లో ఎనభై ఏళ్లు నిండాయి. తేదీ నమోదు కాకపోవడం వల్ల అదనపు కుటుంబ పెన్షన్ రావడం లేదు. నా పుట్టిన తేదీని నమోదు చేసి, 1-6-2023 నుంచి అదనపు పెన్షన్ చెల్లించేందుకు సవరించిన ఆదేశం పంపవలసిందిగా కోరుతున్నాను."

కింద జతపరిచిన కాగితాల వరుస, ఫోను నంబరు, సంతకం. నకలు ఒక్కచోటికే, పెన్షన్ ఇచ్చే బ్యాంకు శాఖకు.

మొదటి ఉత్తరంలోంచి ఇందులోకి వచ్చినవి లెక్కపెట్టాను. పెదనాన్న పేరు, ఆయన మరణించిన తేదీ, 2011, తనకు ఎనభై నిండాయన్న మాట. రెండోదాంట్లోంచి "అదనపు కుటుంబ పెన్షన్" అన్న పేరు. మిగతాదంతా రేకు డబ్బాలోంచి వచ్చింది. అందుకే అంటున్నాను, తిరగరాయడమంటే ఇక్కడ మాటలు తగ్గించడం కాదు. మొదటి ఉత్తరాన్ని ఎంత చక్కగా కుదించినా ఈ ఉత్తరం వచ్చేది కాదు.

పెద్దమ్మ దాన్ని మూడుసార్లు పైకి చదివింది. "మీ పెదనాన్న గురించి ఒక్క మంచి ముక్క లేదు ఇందులో" అంది. లేదు. ఆ నాలుగు కాగితాలు పారేయవద్దని మాత్రం చెప్పాను. అవి ఆఫీసుకు కాకపోయినా మా ఇంటికి కావలసినవి. ఆయన ఉద్యోగంలో చేరిన రోజు సంగతి మా పిల్లలెవరికీ తెలియదు.

2025 జనవరి ఆఖరి వారంలో రసీదు తిరిగివచ్చేలా రిజిస్టరు పోస్టులో పంపాం. తొమ్మిదో రోజున ఆఫీసు ముద్రతో ఆ కార్డు వచ్చింది. మార్చిలో ఒక ఫోను: ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం అసలు ప్రతి చూపించమని. పెద్దమ్మ ఆటోలో వెళ్లి చూపించింది. అక్కడి గుమాస్తా ఆమె ఎదుటే నకలు మీద "అసలుతో సరిచూశాను" అని రాసి సంతకం పెట్టాడట. మే నెలలో సవరించిన ఆదేశం నకలు ఇంటికి వచ్చింది. అడ్డగీత ఉన్న చోట 14-06-1943.

జూన్ ఆఖరున పాసుబుక్కులో రెండు జమలు పడ్డాయి. ఒకటి ఆ నెల పెన్షన్, 16,740: తొమ్మిది వేలు, పద్దెనిమిది వందలు, వాటిమీద 55 శాతం డీఆర్. సరిగ్గా ఉంది. రెండోది బకాయి, 62,442. పెద్దమ్మ పట్టిక తీసి, జనవరి నుంచి మే దాకా అయిదు నెలలకు 2,790 చొప్పున కలిపి, 64,998 రావాలి కదా అని నాకు ఫోను చేసింది. తేడా 2,556.

ఆ అంకె ఎక్కడిదో ఆమే చెప్పింది. పట్టికలో 2,556 ఒకే ఒక్క నెలకు ఉంది, 2023 జూన్‌కు. ఎనభై నిండిన నెలను వదిలి మరుసటి నెల నుంచి లెక్క కట్టారు. ఈసారి ఆదేశం సరిగానే ఉంది, లెక్క కట్టింది బ్యాంకు. కాబట్టి ఉత్తరం వెళ్లవలసింది వాళ్లకే. నన్ను రాసిమ్మని అడగలేదు. మర్నాడు నకలు పంపింది, ఆరు పంక్తులు. పైన "గౌరవనీయులైన మేనేజరు గారికి" అని ఉంది.